అమ్మకు ఈఎస్ఆర్ 78, ఆయనకు సీఆర్‌పీ 118: రిపోర్టులు తారుమారయ్యాయా?

డాక్టర్ గారూ, మాది తిరుపతి. మా అమ్మకు 62 ఏళ్ళు, చిత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది. రెండు ఆవులు, కొంచెం మామిడి తోట. ఏడాదిగా మోకాళ్ళ నొప్పులు, ఈమధ్య బాగా నీరసం. ఊళ్ళో మెడికల్ షాపులో నొప్పుల మాత్రలు పొట్లం కట్టించుకుని వేసుకుంటుంది. పోయిన నెల నా దగ్గరికి వచ్చినప్పుడు పరీక్షలు చేయించాను. అదే రోజు మా ఆయనకూ అక్కడే రక్తం ఇచ్చాం. ఆయనకు ముందురోజు సాయంత్రం నుంచి చలిజ్వరం, కాలు ఎర్రగా వాచింది. అమ్మకు ఈఎస్ఆర్ 78, సీఆర్‌పీ 3 వచ్చాయి. ఆయనకు ఈఎస్ఆర్ 16, సీఆర్‌పీ 118. జ్వరం ఉన్నది ఆయనకు కదా! రెండూ ఒకేదానికి చేసే పరీక్షలంటారు. మరి రిపోర్టులు తారుమారయ్యాయా? మందులు వాడాక ఆరో రోజు వేరే ల్యాబులో చూపిస్తే ఆయనకు సీఆర్‌పీ 2.2కి దిగింది, ఈఎస్ఆర్ మాత్రం 64కి పెరిగింది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందేమోనని భయంగా ఉంది. అమ్మకు కీళ్ళవాతం అంటూ ఒక డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెడదామన్నారు. ఇంకొకరు టీబీ కావచ్చన్నారు, ఎక్స్‌రే మాత్రం బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.6 ఉంది కాబట్టి ఐరన్ మాత్రలు చాలంటుంది మా పిన్ని. కాగితాలన్నీ జతచేశాను. ఏం చేయమంటారు?
— ఒక కూతురు, తిరుపతి

అమ్మా, రిపోర్టులు తారుమారు కాలేదు. కాగితాలన్నీ పక్కపక్కన పరుచుకుని చూశాను. ఎవరి అంకెలు వాళ్ళవే. చిక్కల్లా ‘రెండూ ఒకేదానికి చేసే పరీక్షలు’ అన్న మాటతోనే వచ్చింది. ల్యాబుల్లో ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని. ఆ ఒక్క మాట నమ్మి అక్కర్లేని మందులు వాడినవాళ్ళను చాలామందిని చూశాను.

ఈఎస్ఆర్ చేస్తుండగా ఎప్పుడైనా చూశారా? నాలుగు పాళ్ళ రక్తంలో గడ్డకట్టకుండా ఒక పాలు సైట్రేట్ కలిపి, 200 మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి గాజు గొట్టంలోకి సున్నా గీత దాకా ఎక్కించి, స్టాండులో నిటారుగా నిలబెడతారు. గంటసేపు దాన్నెవరూ ముట్టుకోరు. గంటయ్యాక వెళ్ళి చూస్తే ఎర్రకణాలు కిందికి దిగి, పైన ఎండుగడ్డి రంగు నీరు తేరి ఉంటుంది. తేరిన ఆ నీటి ఎత్తే ఈఎస్ఆర్. మీ అమ్మగారి గొట్టంలో అది 78 మిల్లీమీటర్లు. అంటే ఈ పరీక్ష రక్తంలో ఏ పదార్థాన్నీ కొలవలేదు, ఏ క్రిమినీ వెతకలేదు. గంటలో కణాలు ఎంత దూరం దిగాయో చెప్పింది, అంతే.

అవి ఎందుకు దిగుతాయన్నదే అసలు సంగతి. ఎర్రకణాల ఒంటిమీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, విడివిడిగా, నింపాదిగా దిగుతాయి. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో క్రిమికో ఒళ్ళు తిరగబడి వాపు, మంట పుట్టడం, ఉంటే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్, దాంతోపాటు కొన్ని గ్లోబులిన్లు రక్తంలో పెరుగుతాయి. ఇవి ఆ నెట్టుకునే గుణాన్ని తగ్గిస్తాయి. అప్పుడు కణాలు రూపాయి బిళ్ళల దొంతరలా ఒకదాని మీదొకటి అంటుకుంటాయి. ఒక్క కణం కంటే దొంతర బరువు, అందుకే తొందరగా దిగుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌కూ ఈఎస్ఆర్‌కూ ఉన్న చుట్టరికం ఇంతే, అదీ ప్రొటీన్ల ద్వారా తిరిగి వచ్చిన దూరపు చుట్టరికం.

ప్రొటీన్లు పెరగకపోయినా కణాలు తొందరగా దిగే దారి ఇంకొకటుంది. మీ అమ్మగారిని అడగండి, ఆమెకు ఇది రోజూ కనిపించేదే. కుడితి తొట్టిలో తవుడు చిక్కగా ఉంటే మెల్లగా దిగుతుంది. అదే తవుడు చారెడు వేసి బిందెడు నీళ్ళు పోస్తే చప్పున అడుక్కి చేరుతుంది. రక్తహీనతలో జరిగేదీ అదే. ఎర్రకణాలు తక్కువైతే ఒకదానికొకటి అడ్డు తగలడం తగ్గి, దిగే వేగం పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 8.6 ఉన్న మనిషికి ఈఎస్ఆర్ పెరగకపోతేనే నేను ఆశ్చర్యపోతాను.

దీనికి వయసు కూడా తోడవుతుంది. ఆడవాళ్ళకు వయసులో పది కలిపి సగం చేస్తే, ఆ వయసుకు ఉండదగ్గ పై హద్దు ఉజ్జాయింపుగా వస్తుంది. మీ అమ్మగారికి అది 36. రిపోర్టులో పక్కన అచ్చువేసిన ‘20 లోపు’ అన్నది పాతికేళ్ళ పిల్లకీ అరవై దాటిన ఆమెకూ ఒకటే హద్దు పెడుతోంది. కాబట్టి 78ని పోల్చాల్సింది 36తో, అదీ రక్తహీనత లేని 36తో.

సీఆర్‌పీ దారి వేరు. ఇది కాలేయం తయారుచేసే ఒకే ఒక ప్రొటీన్. 1930లో న్యూయార్క్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుక్కున్నారు. ఒంట్లో కణజాలం దెబ్బతిన్నా, బాక్టీరియా చొరబడినా, కొన్ని తెల్లకణాలు ఐఎల్-6 అనే సంకేతం పంపుతాయి. అది అందుకుని కాలేయం సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. మెషిన్ ఆ పదార్థాన్నే నేరుగా, ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తుంది. కణాలు ఎన్ని ఉన్నాయి, గొట్టం ఎలా నిలబెట్టారు అన్నవాటితో దానికి పనిలేదు. రక్తహీనత దాన్ని కదిలించదు.

ఇప్పుడు మీ ఆయన సంగతి, అది తేలిగ్గా తేలిపోతుంది. ఇన్‌ఫెక్షన్ మొదలైన ఆరేడు గంటల్లోనే సీఆర్‌పీ పెరగడం మొదలవుతుంది. ఒకటిన్నర రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గి, కాలేయం తయారీ ఆపితే, రక్తంలో ఉన్నది సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. ఫైబ్రినోజెన్ అలా కాదు. నిదానంగా పెరుగుతుంది, సగం కావడానికి సుమారు నాలుగు రోజులు పడుతుంది. గ్లోబులిన్లు ఇంకా నిదానం, వారాలు పడుతుంది. జ్వరం వచ్చిన మర్నాడు ఆయన రక్తం ఇచ్చేనాటికి సీఆర్‌పీ పరుగెత్తుకుంటూ 118కి చేరింది, ఈఎస్ఆర్ ఇంకా నిద్ర లేవలేదు. ఆరో రోజుకు మందు పనిచేసి సీఆర్‌పీ దిగిపోయింది, ఈఎస్ఆర్ అప్పుడే శిఖరానికి చేరింది. ఆ 64 పోయిన వారం జరిగిన గొడవకు ఇవాళ అందిన ఉత్తరం. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని దాని అర్థం కాదు. జ్వరం పోయి, కాలి ఎరుపు అంచు వెనక్కి జరుగుతోందంటే ఆయన బాగవుతున్నట్టే. ఇంకో మూడు నాలుగు వారాల దాకా ఆయనకు ఈఎస్ఆర్ చేయించకండి. చేయించారా, ఇంకా ఎక్కువే కనిపించి మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు.

అయితే ఆయన రెండో రిపోర్టులో మీరు గమనించనిది ఒకటుంది. మొదటి ల్యాబు సీఆర్‌పీని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఇచ్చింది. రెండోది డెసిలీటరుకు ఇచ్చింది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉంది చూడండి. లీటరుకు పది డెసిలీటర్లు. కాబట్టి ఆ 2.2 అంటే మొదటి ల్యాబు లెక్కలో 22. 118 నుంచి 22కి రావడం మంచి కబురే, కానీ మామూలు స్థాయి 5 లోపు. పని ఇంకా పూర్తికాలేదు. సీఆర్‌పీ నార్మల్ అయిపోయిందనుకుని యాంటీబయోటిక్ మధ్యలో ఆపివుంటే, ఆయన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేయండి. ఎరుపు మళ్ళీ పాకినా, జ్వరం తిరగబెట్టినా అప్పుడు చేయించాల్సింది సీఆర్‌పీ, అదీ మొదటి ల్యాబులోనే.

మీ అమ్మగారి విషయం అంత సులువు కాదు. ఈఎస్ఆర్ ఎక్కువై సీఆర్‌పీ మామూలుగా ఉండటం ల్యాబులో మేం తరచూ చూసేదే. చాలాసార్లు దాని వెనక పెద్ద జబ్బేమీ ఉండదు. అప్పుడప్పుడు ఉంటుంది. ఏది ఏదో తేల్చే ఆధారాలు మీరు పంపిన కాగితాల్లోనే సగం ఉన్నాయి.

రక్తకణాల రిపోర్టులో ఎంసీవీ అని ఒక గడి ఉంది, అందులో 69. అది ఎర్రకణం సగటు సైజు, 80 దాటి ఉండాలి. అంటే కణాలు తక్కువగా ఉండటమే కాదు, చిన్నగానూ ఉన్నాయి. మనవైపు దీనికి ముందుగా అనుమానించేది ఐరన్ లోపం. నెలసరి ఆగి పదేళ్ళు దాటిన మనిషికి ఐరన్ లోపం ఊరికే రాదు. తిండిలో కొంత తగ్గి ఉండొచ్చు, చెప్పుల్లేకుండా తోటలో తిరిగేవాళ్ళకు కొంకిపురుగుల వల్లా రావచ్చు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపినది ఆ నొప్పుల పొట్లం.

ఇలా జరిగి ఉండొచ్చని నా ఊహ. మోకాలు అరిగి నొప్పి మొదలైంది. నొప్పి మాత్రలు రోజూ పడ్డాయి. అవి కడుపు లోపలి పొరను గీరి, రోజుకు కాసింత రక్తం కంటికి కనపడకుండా పోయింది. నెలల తరబడి పోయి ఐరన్ అడుగంటింది, హిమోగ్లోబిన్ 8.6కి వచ్చింది. కణాలు పలచబడి ఈఎస్ఆర్ పెరిగింది. ఆ ఈఎస్ఆర్ చూసి ‘కీళ్ళవాతం’ అన్నారు. దానికి మళ్ళీ ఇంకాస్త గట్టి మందు ఇద్దామంటున్నారు. గానుగెద్దు లాగా తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాం.

ఈ ఊహ తప్పు కూడా కావచ్చు. ఎందుకంటే ఒకటి అంత బాగా అతకడం లేదు. చిన్న కణాలు తేలికగా ఉంటాయి కాబట్టి కాస్త నెమ్మదిగా దిగాలి. ఐరన్ లోపపు రక్తహీనతలో ఈఎస్ఆర్ పెరుగుతుంది గానీ, చిన్న కణాలు ఆ పెరుగుదలకు కొంత కళ్ళెం వేస్తాయి. అందుకే 50, 55 అంటే మాట్లాడకుండా ఊరుకునేదాన్ని. 78 నాకు కాస్త ఎక్కువగా అనిపిస్తోంది.

గొట్టం ఒరిగి ఉందేమో కూడా ఆలోచించాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ల్యాబులో ఒకరోజు పొద్దున వచ్చిన పన్నెండు మందికీ ఈఎస్ఆర్ ఎక్కువే వచ్చింది. ఉద్యోగానికి ముందు ఆరోగ్య పరీక్షకు వచ్చిన కుర్రాళ్ళకు కూడా! స్టాండు పెట్టిన కడప బండ ఒక మూల కుంగింది. గొట్టాలు ఒక పక్కకు వాలి ఉన్నాయి, కంటికి ఆనేంత కూడా కాదు. వాలినప్పుడు కణాలు గొట్టం గోడ మీదుగా జారుతూ దిగుతాయి, నీరు ఇంకో గోడ మీదుగా పైకి వస్తుంది. మూడు డిగ్రీల వాలు చాలు, ఈఎస్ఆర్ ముప్పై శాతం దాకా పెరగడానికి. అదే బండ మీద సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్నా, గొట్టం మీద ఎండ పడినా ఇదే గొడవ. దానికి వ్యతిరేకంగా, రక్తం తీసి నాలుగు గంటలకు పైగా బయట వదిలేస్తే ఈఎస్ఆర్ తగ్గుతుంది. పల్లెల్లో రక్తం తీసి డబ్బాలో పెట్టుకుని సాయంత్రానికి పట్నానికి తెచ్చే చోట ఇది గుర్తుంచుకోవాలి. కాబట్టి మళ్ళీ పరీక్ష చేయించేటప్పుడు, ల్యాబుకు మనిషే వెళ్ళి రక్తం ఇవ్వడం మంచిది.

ఇక రక్తహీనతా కాక, గొట్టమూ కాక మిగిలే కారణం గ్లోబులిన్లు. ఇక్కడే నార్మల్ సీఆర్‌పీ మోసం చేస్తుంది. మైలోమా అని ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్ ఉంది. అందులో ఒకే రకం గ్లోబులిన్ విపరీతంగా తయారవుతుంది. కణాలు దొంతరలు కట్టి ఈఎస్ఆర్ వంద దాటిపోతుంది. ఇన్‌ఫ్లమేషన్ లేదు కాబట్టి కాలేయం కదలదు, సీఆర్‌పీ 3లోనో 4లోనో ఉండిపోతుంది. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడే లూపస్ జబ్బులో కూడా చాలామందికి ఈఎస్ఆర్ పెరిగి సీఆర్‌పీ పెద్దగా పెరగదు. ‘సీఆర్‌పీ బాగుంది కదా, ఈఎస్ఆర్ వదిలేయండి’ అనే మాట ఈ రెండు చోట్లా ప్రమాదం. భయపడకండి, ఎందుకు చెప్తున్నానో వినండి.

మీరు పంపిన వాటిలో లివర్ టెస్ట్ కాగితం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. అందులో మొత్తం ప్రొటీన్ 7.2, ఆల్బుమిన్ 3.9. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే 3.3. అదే గ్లోబులిన్. అది నాలుగు దాటితే నేను కుర్చీలో ముందుకు జరిగేదాన్ని. 3.3 మామూలే. పక్క కాగితంలో క్రియాటినిన్ 0.9, కిడ్నీలు బాగున్నాయి. కాబట్టి మైలోమా అనుమానం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ 3.9 ఆల్బుమిన్ ఇంకో ఉపకారం చేసింది. ఆల్బుమిన్‌నూ సీఆర్‌పీనీ తయారుచేసేది ఒకటే కాలేయం. కాలేయం బాగా చెడిపోయినవాళ్ళకు ఒంట్లో మంట ఉన్నా సీఆర్‌పీ పెద్దగా పెరగదు. మీ అమ్మగారికి ఆ అనుమానం అక్కర్లేదు.

కానీ సీఆర్‌పీని అబద్ధమాడించేది ఇంకొకటి ఆమె పొట్లంలోనే ఉండొచ్చు. ఊరి షాపుల్లో కట్టే నొప్పుల పొట్లాల్లో పెద్ద మాత్రతోపాటు ఒక చిన్న మాత్ర ఉంటుంది. చాలాసార్లు అది స్టెరాయిడ్. రోజూ స్టెరాయిడ్ వేసుకునే మనిషికి నిజంగా కీళ్ళవాతం ఉన్నా, సీఆర్‌పీ కొద్ది రోజుల్లోనే దిగిపోయి 3 చూపించగలదు. నిదానంగా దిగే ఈఎస్ఆర్ మాత్రం వెనకబడి ఇంకా ఎక్కువే చూపిస్తుంది. అప్పుడు ఈ రెండు అంకెలకూ నేనిప్పటిదాకా చెప్పిన అర్థం మారిపోతుంది. రక్తం ఇచ్చిన రోజుకు ముందు వారంలో ఆ పొట్లం వేసుకుందా లేదా, నాకు ఈ ఉత్తరంలో దొరకని ముఖ్యమైన సమాధానం అదే. మెల్లగా కనుక్కోండి. కూతురు తిడుతుందని అమ్మలు దాస్తారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. స్టెరాయిడ్ మొదలుపెడితే ఏమవుతుందో ముందే చెప్పగలను. వారంలో నొప్పులు తగ్గుతాయి, నెలలో ఈఎస్ఆర్ దిగుతుంది, అందరూ సంతోషిస్తారు. కీళ్ళవాతం లేకపోయినా అలాగే తగ్గుతాయి, కాబట్టి తగ్గడం దేనికీ రుజువు కాదు. నొప్పి మాత్రకు స్టెరాయిడ్ తోడైతే కడుపులో పుండు రక్తం కారే అవకాశం ఇంకా పెరుగుతుంది. షుగరు లేనివాళ్ళకు కొత్తగా షుగరు కూడా రావచ్చు. ఆ డాక్టరు గారి మాట కొట్టిపారేయడం లేదు. ఆయన చూసినది నేను చూడలేదు. పొద్దున లేవగానే వేళ్ళు గంటకు పైగా బిగుసుకుపోతున్నాయా, మణికట్లూ వేళ్ళ కణుపులూ వాచి వేడిగా ఉన్నాయా, భుజాలు ఎత్తలేకపోతోందా? వీటిలో ఒకటి ఉన్నా ఆయనది సరైన అనుమానమే. అప్పుడు కీళ్ళ డాక్టరుకు చూపించి, దానికి తగ్గ పరీక్షలయ్యాకే స్టెరాయిడ్. అలా కాక, నడిచినప్పుడూ మెట్లెక్కినప్పుడూ మోకాలు నొప్పి పెట్టి, కూర్చుంటే తగ్గేదైతే అది అరుగుదల. అరుగుదల ఈఎస్ఆర్‌ను 78కి తీసుకెళ్ళదు, స్టెరాయిడ్ మాత్రలతో అరుగుదల తీరదు.

టీబీ గురించి రెండు ముక్కలే. ఈఎస్ఆర్‌కు టీబీ పేరు ఊరికే అంటుకోలేదు. 1921లో స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్, ఇప్పుడు మనం వాడే ఈ గొట్టం పద్ధతిని ఊపిరితిత్తుల టీబీ రోగుల మీదే పరిశీలించి రాశాడు. వందేళ్ళు దాటినా ఆ వాసన పోలేదు. టీబీ ఉన్నా ఈఎస్ఆర్ మామూలుగా ఉండొచ్చు, లేకున్నా పెరగొచ్చు. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించండి. అవేవీ లేకుండా 78 అనే అంకెకు ఆరు నెలల టీబీ మందులు వాడటానికి నేను ఒప్పుకోను.

మీ పిన్నిగారి మాటలో సగం నిజం ఉంది. ఐరన్ వేస్తే హిమోగ్లోబిన్ మూడు నాలుగు వారాల్లో ఒకటిన్నర, రెండు పెరుగుతుంది, దాంతోపాటు ఈఎస్ఆర్ దిగుతుంది. అలా దిగితే అది రక్తహీనత ఈఎస్ఆరేనని తేలిపోతుంది కూడా. ఖర్చు తక్కువ, పరీక్షల తిరుగుడు తక్కువ. నష్టం ఏమిటంటే, ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. కడుపులో రక్తం కారినా నల్లగానే అవుతుంది, తారులా జిగటగా. మాత్రలు మొదలుపెట్టాక ఏ నలుపు దేనిదో చెప్పడం కష్టం. పైగా 62 ఏళ్ళ వయసులో రక్తం కారేది పుండు నుంచే కానక్కర్లేదు, పెద్దపేగులో గడ్డ నుంచి కూడా కావచ్చు. కారే చోటు చూడకుండా ఐరన్ పోయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కుండ కొన్నాళ్ళు నిండుగా కనిపిస్తుంది.

నేనైతే ఐరన్‌కు ముందు ఇంకొక్కసారి రక్తం ఇప్పిస్తాను. ఫెరిటిన్ అందులో ముఖ్యం. ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్‌ను అది చెబుతుంది. ఒంట్లో మంట ఉంటే ఫెరిటిన్ కూడా అబద్ధంగా పెరుగుతుంది, అందుకే దాన్ని చదివేటప్పుడు పక్కన సీఆర్‌పీ ఉండాలి. సీఆర్‌పీ నిజంగా 3 అయితే ఫెరిటిన్ మాట నమ్మొచ్చు. 30 లోపు వస్తే ఐరన్ లోపమే, ఇక ఆ రక్తం ఎక్కడికి పోతోందో వెతకాలి. దానికి మలంలో రక్తం పరీక్ష, ఎండోస్కోపీ, అవసరమైతే పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ. అదే రోజు కాల్షియం, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి చూసే స్మియర్, మళ్ళీ ఒక ఈఎస్ఆర్. ఫెరిటిన్ బాగానే ఉందని వస్తే నా కథ కూలిపోయినట్టే. అప్పుడు ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి, గ్లోబులిన్‌లలో ఒకే రకం పోగుపడిందేమో అందులో కనబడుతుంది. నడుములోనో పక్కటెముకల్లోనో రాత్రుళ్ళు నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే ఫెరిటిన్ కోసం ఆగకుండా ఆ పరీక్ష కూడా ఇప్పుడే చేయించేయండి. ఐరన్ వాడి హిమోగ్లోబిన్ 11 దాటాక కూడా ఈఎస్ఆర్ 50 పైనే నిలబడితే అప్పుడూ అంతే. ఈ దారిలో ఖర్చూ తిరుగుడూ ఎక్కువ, ఎండోస్కోపీ అంటే ఆమె మొరాయించవచ్చు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళితే ఇవన్నీ ఒకరే చూసి వరుస పెడతారు. చిత్తూరు నుంచి వేలూరు దగ్గరనుకుంటే అక్కడికైనా సరే. ఎక్కడికి వెళ్ళినా కాగితాలన్నీ ఒకే డాక్టరు ముందు పెట్టండి. ఇప్పటిదాకా ముగ్గురు మూడు అంకెలు చూశారు, ముగ్గురి నోటా మూడు మాటలు వచ్చాయి.

వీటన్నిటికంటే ముందు ఈ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, విరేచనం రంగు ఎలా ఉందో అడగండి. నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉందన్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయన్నా పరీక్షల వరుస పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలా ఏమీ లేకపోతే రెండు మూడు రోజుల్లో చూపించండి. ఈలోపు పెద్ద నొప్పి మాత్ర ఆపేయమనండి, మోకాలికి కాపడం పెట్టుకోమనండి, మరీ ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. పొట్లంలోని చిన్న మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి. అది స్టెరాయిడే అయి, నెలల తరబడి రోజూ వేసుకుని ఉంటే, ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ ఈపాటికి తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. డాక్టరు చూసి మెల్లగా తగ్గిస్తారు. మిగిలిన పొట్లాలు ఉన్నవి ఉన్నట్టు కవర్లో వేసి తెమ్మనండి, చివరిది ఏ రోజు వేసుకుందో పైన రాయించండి.